అప్‌డేట్: తెలియని ద్రవం మోలార్ ద్రవ్యరాశి తేలింది

నా ప్రశ్న: "ఫ్లాస్క్‌లో ద్రవాన్ని మరిగే నీళ్లలో ఆవిరి చేసి M = mRT/PV వేస్తే 52 వస్తోంది, అసలు ద్రవం ఏంటి?"

మా విజయనగరం ల్యాబ్‌లో మొన్న మళ్లీ చేశాను. మీరు చెప్పినట్టు ఫ్లాస్క్‌ని అంచు దాకా నీళ్లతో నింపి కొలిస్తే 145 మి.లీ. వచ్చింది, నేనేమో దాని మీద రాసున్న 125 వేసేశాను. తీరా సరిచేస్తే జవాబు 44.6కి పడిపోయింది! చాలా టెన్షన్ పడ్డాను. పీడనం 752 మి.మీ., ఉష్ణోగ్రత 373 కెల్విన్, రెండూ సరిగ్గానే ఉన్నాయి.

తప్పు తూకంలో ఉంది. ఫ్లాస్క్ చల్లారాక లోపల ద్రవం కొంచెం ఆవిరిగానే ఉంటుంది కదా, అది చోటు ఆక్రమించడంతో బయటి గాలి పూర్తిగా లోపలికి రాదు, కానీ మొదట ఖాళీ ఫ్లాస్క్ తూచినప్పుడు నిండా గాలి ఉంది. అంటే రాని గాలి బరువంతా నా 0.209 గ్రాముల్లో తగ్గిపోయిందన్నమాట.

30 డిగ్రీల దగ్గర ఈ ద్రవం ఆవిరి పీడనం 285 మి.మీ. అని సార్ ఇచ్చారు. 145 మి.లీ. గాలి బరువు సుమారు 0.167 గ్రాములు, అందులో 285/752 వంతు 0.063. అది కలిపితే 0.272 గ్రాములు, మోల్స్ 0.00469, కాబట్టి M = 58. అసిటోన్! వాసన కూడా అదే.

మొదట వచ్చిన 52 దగ్గరగా కనిపించింది రెండు తప్పులు ఎదురెదురు దిశల్లో ఉండటం వల్లే. ఈ సవరణ త్వరగా ఆవిరయ్యే ద్రవాలకే ఇంత పెద్దగా ఉంటుంది.