చలానా రాసిన పోలీసే తీర్పు కూడా చెప్పేస్తున్నాడా?

పటమట సత్యం

నిన్న నా ఫోన్‌కి హెల్మెట్ లేదని వెయ్యి రూపాయల చలానా మెసేజ్ వచ్చింది. ఫోటో తెరిచి చూస్తే ఆ బండి నాది కాదు. నాది పదేళ్ల నాటి ఎర్ర స్కూటీ. ఫోటోలో ఉన్నది నల్ల బైకు, నంబర్ ప్లేటు చివర మట్టి కొట్టుకుని ఉంది. ఆఖరి అంకె 3 కావచ్చు, 8 కావచ్చు. వాళ్లు 8 అనుకున్నారు, నా బండి నంబరు చివర 8 ఉంది.

డబ్బు సంగతి అలా ఉంచితే నన్ను తొలిచేస్తున్నది వేరే ప్రశ్న. చట్టసభ చట్టం చేస్తుంది, ప్రభుత్వం అమలు చేస్తుంది, కోర్టు తీర్పు చెబుతుంది అని బడిలో చదువుకున్నాం. ఇక్కడ చూస్తే పట్టుకున్నదీ పోలీసే, తప్పు నీదే అన్నదీ పోలీసే, ఎంత కట్టాలో చెప్పిందీ పోలీసే. మరి ఆ మూడూ విడివిడిగా ఎక్కడున్నాయి?

రైతుబజార్ రాజా

అన్నా, అంత ఆలోచన దేనికి? ఫైన్ ఎంతో మన అసెంబ్లీ పెట్టింది, పోలీసు వసూలు చేస్తాడు, అంతే. అమలు అంటే అదే కదా. కట్టడం ఇష్టం లేకపోతే ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఒక ఫోన్ చేయించు. మా బావకి అలాగే తీసేశారు.

గుంటూరు వకీలు

సత్యం గారూ, ఆ చలానాని తీర్పు అనుకోకండి. అది పోలీసు మీ ముందు పెట్టిన రాజీ ప్రతిపాదన. ఈ ఒక్క ముక్క అర్థమైతే మీ ప్రశ్న సగం తీరిపోతుంది.

హెల్మెట్ పెట్టుకోవాలన్నది మన అసెంబ్లీ చేసిన చట్టం కాదు రాజా గారూ. అది 1988 నాటి మోటారు వాహనాల చట్టం, పార్లమెంటుది. వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సుకి అనర్హత అన్నవి 2019 సవరణతో అందులోకి వచ్చాయి. అదే చట్టం 200వ సెక్షన్‌లో రాష్ట్ర ప్రభుత్వానికి ఒక వెసులుబాటు ఇచ్చింది. కొన్ని తప్పులకు, కోర్టు దాకా వెళ్లకుండానే, ఫలానా హోదా అధికారి ఫలానా మొత్తం తీసుకుని వదిలేయవచ్చని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించవచ్చు. మన దగ్గర 2020 అక్టోబర్‌లో వచ్చిన జీవో అలాంటిదే. ఆ డబ్బు కట్టారంటే మీరు రాజీపడ్డట్టు, కేసు అక్కడితో ముగిసినట్టు.

కట్టకపోతే? పోలీసు మిమ్మల్ని దోషి అనలేడు. ఆయన చేయగలిగింది కేసును మేజిస్ట్రేటు ముందు పెట్టడం. అక్కడ ఆ బండి మీదేనని వాళ్లే చూపించాలి. మట్టి కొట్టుకున్న అంకె అప్పుడు వాళ్లకు తలనొప్పి, మీకు కాదు. మీరు వెతుకుతున్న విభజన ఉన్నది ఆ మలుపులోనే. కట్టేస్తే మాత్రం ఆ మలుపు దాకా వెళ్లకుండానే ఆగిపోతారు.

ఇక ఎమ్మెల్యే గారి ఫోన్ సంగతి. చలానాలు తప్పుగా పడుతున్నాయని సభలో మంత్రిని నిలదీయడం ఆయన పని. ఒక్కడి చలానా తీసేయమని స్టేషన్‌కి చెప్పే అధికారం ఆయనకు ఏ చట్టమూ ఇవ్వలేదు. మీ బావకి మేలు జరిగి ఉండొచ్చు గానీ, అదే ఫోన్ రేపు మీ మీద కేసు పెట్టించడానికీ మోగుతుంది.

కొత్తపేట లక్ష్మి

వకీలు గారూ, మా అబ్బాయి గుంటూరులో హెల్మెట్ లేకుండా దొరికాడు. వాడు పెట్టుకోలేదు, అందులో అబద్ధం లేదు. లైసెన్సు తీసుకుని "మూడు నెలలు రద్దు" అని నోటితో చెప్పి పంపేశారట. వాడు డెలివరీ పని చేస్తాడు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఇది కూడా రాజీనే అంటారా?

గుంటూరు వకీలు

కాదమ్మా, ఇది వేరు. పోలీసు లైసెన్సు తీసుకోవచ్చు, దాన్ని లైసెన్సు ఇచ్చిన అధికారికి, అంటే రవాణా శాఖకి, పంపాలి. నిలిపివేయాలా వద్దా అన్నది ఆ అధికారి తేల్చాలి. అదీ మీ అబ్బాయిని పిలిచి, వాడి మాట విని, కారణాలు రాసి. రోడ్డు మీద నోటితో రద్దు అన్న మాటకు విలువ లేదు. లైసెన్సు తీసుకున్నట్టు రసీదు ఇచ్చారా? లేకపోతే మొదట అది అడగండి. రసీదు ఉంటే నోటీసు వచ్చినప్పుడు స్వయంగా వెళ్లండి, వాడి బతుకుదెరువు సంగతి రాతపూర్వకంగా ఇవ్వండి.

బ్రాడీపేట మాస్టారు

ముప్పై ఏళ్లు ఈ పాఠమే చెప్పాను. అయినా వకీలు గారు చెప్పినదాంట్లో నాకొక చిక్కు కనిపిస్తోంది. లైసెన్సు అధికారి ప్రభుత్వ ఉద్యోగి. ఆయన పిలిచి, విని, నిర్ణయించడమంటే అది జడ్జి పనే కదా? రాజీ మొత్తాన్ని జీవోతో పెట్టడం కూడా చట్టసభ పనిలో సగం ప్రభుత్వం చేసినట్టే. 2019లో పార్లమెంటు వెయ్యి అంటే గుజరాత్ ప్రభుత్వం హెల్మెట్‌కి 500 చాలంది. చట్టంలో ఉన్నదానికంటే తగ్గించే హక్కు మీకు లేదని 2020 జనవరిలో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అంటే గీత ఎక్కడుందో వాళ్లకే ఒప్పందం లేదు.

ఇంకో మాట. విజయవాడలో 1983 నుంచి పోలీసు కమిషనరేట్ ఉంది. నలుగురికి మించి గుమిగూడవద్దనే ఉత్తర్వు అక్కడ కమిషనరే ఇస్తారు, ఆయన మనుషులే అమలు చేస్తారు. మన గుంటూరులో కమిషనరేట్ లేదు. అదే ఉత్తర్వు కలెక్టరో ఆర్డీవోనో తహసీల్దారో ఇవ్వాలి, పోలీసు అమలు చేయాలి. కృష్ణ దాటితే చాలు, ఒక చేతిలో ఉన్న పని రెండు చేతుల్లోకి వస్తుంది. పిల్లలకు ఇది చెబితే పుస్తకంలో బాణం గుర్తులకంటే బాగా ఎక్కేది.

గుంటూరు వకీలు

మాస్టారూ, కాదనను. మన రాజ్యాంగం గట్టిగా పట్టుబట్టింది న్యాయశాఖను ప్రభుత్వం నుంచి విడదీయాలనే, 50వ అధికరణం అదే. చట్టసభకీ ప్రభుత్వానికీ మధ్య అంత గోడ మన పద్ధతిలో లేదు, మంత్రులు సభలోనే కూర్చుంటారు. అందుకే నేను చూసేది ఒక్కటే: ప్రభుత్వ అధికారి ఇచ్చిన నిర్ణయం మీద పైన ఇంకొకరి దగ్గరికి వెళ్లే దారి ఉందా? లైసెన్సు నిలిపివేత మీద అప్పీలు ఉంది. కమిషనర్ ఉత్తర్వు మీద హైకోర్టుకి వెళ్లొచ్చు. జీవో చట్టాన్ని దాటిందా అన్నదీ అక్కడే తేలాలి. గుజరాత్ తగ్గింపు సరైనదా కాదా అంటే, నేనైతే కేంద్రం మాటే నిలుస్తుందనుకుంటున్నాను. నాతో ఒప్పుకోని వకీళ్లు మా బార్‌లోనే ఉన్నారు.

ఆటోనగర్ బాజీ

వకీలు గారూ, మీరు చెప్పింది నిజమే, కానీ మా బోటివాళ్లకి దారి ఎక్కడుంది? కోర్టుకి ఒక రోజు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. రెండో వాయిదాకి ఇంకో రోజు. పోయినేడు నాకూ తప్పు చలానా వచ్చింది. లెక్క వేసుకుని కట్టేశాను. తప్పు చేయలేదని నాకు తెలుసు, కాగితం మీద మాత్రం రాజీపడ్డవాణ్ణి. అది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

గుంటూరు వకీలు

బాజీ గారూ, దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. కోర్టుకి ముందు ఒక మెట్టు మాత్రం ఉంది. తప్పు చలానాని పోలీసులే వెనక్కి తీసుకోవచ్చు, కేసు ఇంకా వాళ్ల చేతిలోనే ఉంటుంది కాబట్టి. సత్యం గారూ, ఆర్‌సీ నకలు, మీ బండి ఫోటో ముందు నుంచి ఒకటి వెనక నుంచి ఒకటి, చలానా ఫోటో పక్కపక్కన పెట్టి అర్జీ ఇవ్వండి. రంగు, కంపెనీ ఆర్‌సీలోనే ఉంటాయి. ఒక విషయం గుర్తుంచుకోండి: నిజంగా తప్పు చేసి కోర్టులో వాదించి ఓడితే జరిమానాతో పాటు ఆ మూడు నెలల అనర్హత కూడా పడొచ్చు. మీ కేసు అలాంటిది కాదు.

పటమట సత్యం

ఈ రోజు పొద్దున అర్జీ ఇచ్చి వచ్చాను. కౌంటర్‌లో ఉన్న ఆయన ఫోటో పెద్దది చేసి చూసి "ఇది బైకే సార్" అన్నారు. రెండో ప్రతి మీద స్టాంపు వేయించుకున్నాను. ఇంటికొచ్చి వెబ్‌సైట్‌లో చూస్తే చలానా ఇంకా పెండింగ్ అనే ఉంది. కట్టలేదు. లక్ష్మి గారూ, మీ అబ్బాయికి రసీదు ఇచ్చారా?

కొత్తపేట లక్ష్మి

ఇవ్వలేదండీ. రేపు వాళ్ల నాన్న, నేను వెళ్లి అడుగుతాం.