కంపెనీ పుట్టకముందు నాలుగు నెలల లాభం: పంచుకోవచ్చా, పక్కన పెట్టాలా?

బెజవాడ కూలర్లు:
మా భాగస్వామ్య సంస్థ కూలర్లు, ఏసీలు అమ్మేది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ వ్యాపారాన్ని మా ప్రైవేటు కంపెనీ తీసుకున్నట్టు ఒప్పందం రాసుకున్నాం. కంపెనీ నమోదైంది మాత్రం ఆగస్టు 1న. ఏడాదికి నికర లాభం 14.10 లక్షలు. నాలుగు నెలలది 4.70 తీసేసి, మిగతా 9.40 లక్షల నుంచి డివిడెండ్ ఇద్దామనుకుంటున్నాం. కంపెనీ పెట్టడానికి అయిన 90 వేల ప్రాథమిక ఖర్చులను ఆ నాలుగు నెలల లాభంలోనే కలిపేస్తే సరిపోతుందా?

పాత ఖాతాదారు:
నికర లాభాన్ని నెలల లెక్కన కోయడమే అసలు పొరపాటు. మీ సరుకు ఎండాకాలంలో పోయేది. ఏప్రిల్ నుంచి జులై వరకు అమ్మకాలెంత, ఏడాది మొత్తం మీద ఎంత? స్థూల లాభం, అద్దె, జీతాలు, కమీషన్లు విడివిడిగా చెప్పండి. పాత భాగస్వాములకు కొనుగోలు సొమ్ము ఎప్పుడు చెల్లించారో కూడా కావాలి.

బెజవాడ కూలర్లు:
ఏడాది అమ్మకాలు 180 లక్షలు, అందులో జులై చివరికే 90. స్థూల లాభం 36. అద్దె, జీతాలు 12. కమీషన్లు, రవాణా 3.60. డైరెక్టర్ల జీతం 2.40. కొనుగోలు సొమ్ము 50 లక్షలు సెప్టెంబరు 30న ఇచ్చాం, 12 శాతం వడ్డీ కింద 3 లక్షలు అయింది.

పాత ఖాతాదారు:
అమ్మకాలు సగం సగం కాబట్టి స్థూల లాభం అటు 18, ఇటు 18. కమీషన్లు అమ్మకాల వెంట నడుస్తాయి, అటు 1.80, ఇటు 1.80. అద్దె, జీతాలు నెలలను బట్టి నడుస్తాయి, అటు 4, ఇటు 8. వడ్డీ ఆరు నెలలది కదా, ఏడాది మొత్తానికి పరచకూడదు. నాలుగు నెలలకు 2, రెండు నెలలకు 1. డైరెక్టర్ల జీతం, ప్రాథమిక ఖర్చులు కంపెనీ ఉంటేనే పుట్టేవి, రెండూ ఇటే. నమోదుకు ముందు లాభం 10.20, తరువాతది 3.90. పన్నుకు ముందే ఇంత. 9.40 చూసి పంచి ఉంటే, కంపెనీ సంపాదించనిది పంచినట్టయ్యేది. ఆ 10.20 లక్షలు వ్యాపారంతోపాటు మీరు కొనుక్కున్న లాభం. అది మూలధన రిజర్వుకు వెళ్లాలి.

గీత దాటని ఆడిటర్:
నా లెక్కలో విడదీసే తేదీ ఆగస్టు 1 కాదు. వ్యాపారం మొదలుపెట్టామని డిక్లరేషన్ దాఖలు చేసిన తేదీ తీసుకోవాలి. అంతవరకు కంపెనీకి వ్యాపారం చేసే హక్కే లేదు కదా.

పాత ఖాతాదారు:
డిక్లరేషన్ అవసరమన్నది నిజమే, దాని గడువు 180 రోజులు. అది ఆలస్యమైతే జరిమానా వేరే విషయం. కానీ కంపెనీ అనే వ్యక్తి పుట్టేది నమోదు తేదీనే. ఆగస్టు 1 తరువాతి లాభాన్ని పుట్టకముందు లాభం అనలేం.

గుంటూరు గృహిణి:
మా వారి సంస్థను ఇలాగే మార్చినప్పుడు మొదటి నెలల ఆదాయాన్ని కంపెనీ రిటర్నులో చూపాం. తరువాత నోటీసు వచ్చింది. మీకూ అదే వస్తుందేమో, పన్ను ఎవరు కట్టాలో చూసుకోండి.

పాత ఖాతాదారు:
వారు అడిగింది డివిడెండ్ గురించి, కానీ మీ హెచ్చరిక పనికొచ్చేదే అమ్మా. జులై 31 దాకా ఆదాయం సంస్థదే, రిటర్ను కూడా సంస్థ పేరునే. ఒప్పందంలో ఏప్రిల్ 1 అని రాసుకున్నంత మాత్రాన ఆ నెలల్లో కంపెనీ ఉన్నట్టు కాదు.

గీత దాటని ఆడిటర్:
తేదీ విషయం ఒప్పుకుంటున్నాను. 90 వేల విషయంలో మాత్రం ఒప్పుకోను. కొనుగోలు సొమ్ము 50 లక్షలు, తీసుకున్న నికర ఆస్తులు ఎంత? 42 అనుకుందాం. గుడ్‌విల్ 8 లక్షలు. 10.20తో దాన్ని కొట్టివేసినా 2.20 మిగులుతుంది. కంపెనీ పుట్టుకకు అయిన ఖర్చును ఆ పుట్టుకకు ముందు లాభంలో తీర్చడంలో తప్పేముంది?

బెజవాడ కూలర్లు:
నికర ఆస్తులు 42 లక్షలే. సరిగ్గా చెప్పారు.

పాత ఖాతాదారు:
గుడ్‌విల్ కొట్టివేయడం పాత పద్ధతే, నాకూ అభ్యంతరం లేదు. కానీ ప్రాథమిక ఖర్చులను అకౌంటింగ్ స్టాండర్డ్ 26 ప్రకారం అయినప్పుడే లాభనష్టాల ఖాతాకు రాయాలి. రిజర్వులోకి మళ్లిస్తే 3.90 కాస్తా 4.80గా కనిపిస్తుంది, పంచుకోదగ్గ లాభం 90 వేలు పెరుగుతుంది. ఇబ్బంది అక్కడే. పన్ను లెక్కలో మాత్రం 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 35డి కింద అర్హమైన మొత్తాన్ని అయిదేళ్లకు సమంగా పంచుతారు. 90 వేలూ అర్హమైతే ఏటా 18 వేలు. అయితే ఆ ఖర్చుకు ప్రాజెక్టు వ్యయంలో 5 శాతం పరిమితి ఉంటుంది. కంపెనీ కావాలనుకుంటే వినియోగంలో ఉన్న మూలధనంలో 5 శాతం ఎంచుకోవచ్చు. పుస్తకాల్లోనూ అలాగే అయిదేళ్లకు మోసుకురావద్దు.

గీత దాటని ఆడిటర్:
మూలధన ఖర్చును మూలధన లాభంతో తీర్చడం దశాబ్దాలుగా చేస్తున్నదే. మీ స్టాండర్డ్ ఖర్చును ఆస్తిగా చూపవద్దంటోంది. ఏ లాభంలో తీర్చాలన్నది దానికి సంబంధించినది కాదని నేను చదువుతున్నాను.

పాత ఖాతాదారు:
ఖర్చుగా గుర్తించాలని చెప్పాక, దాన్ని లాభనష్టాల ఖాతా దాటించి నేరుగా రిజర్వులోకి తీసుకెళ్లే దారి నాకు కనబడదు. మీరు చూపితే చదువుతాను.

బెజవాడ కూలర్లు:
90 వేలు ఈ ఏడాది లాభానికే రాస్తాం. డివిడెండ్ 3.90లో పన్ను పోగా మిగిలేదాన్ని చూసి నిర్ణయిస్తాం. జీఎస్టీ బిల్లులు జులై దాకా సంస్థ పేరునే ఉన్నాయి; వాటిని విడిగా తీసి పెడుతున్నాను.