అప్‌డేట్: నార్త్ నోడ్ మేషం, రాహువు మీనం

అప్పుడు నేను అడిగింది: "1987 మేలో పుట్టాను. వెస్టర్న్ చార్టులో నార్త్ నోడ్ మేషంలో ఉంది, మన జాతకంలో రాహువు మీనంలో ఉన్నాడు. ఏది తప్పు?"

ఏదీ తప్పు కాదట. నార్త్ నోడ్ అన్నా రాహువు అన్నా బిందువు ఒకటే, చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే చోటు. వెస్టర్న్ వాళ్ల లెక్క వసంత విషువత్తు నుంచి, మనది నక్షత్రాల నుంచి. తేడా దాదాపు 24 డిగ్రీలు. అక్కడ మేషం 9 డిగ్రీలైతే ఇక్కడ మీనం 15.

వాళ్ల ప్రకారం తులలో సౌత్ నోడ్, అంటే మన కేతువు, ఉంటే నలుగురి మెప్పు కోసం చూసే పాత అలవాటు, మేషంలో నార్త్ నోడ్ ఉంటే సొంతంగా తేల్చుకోవడం నేర్చుకోవాలని. ఇది మాత్రం గుచ్చుకుంది. మొన్న ఒక్క చీర కోసం ఐదుగురికి ఫోటోలు పంపాను. కాసేపటికి అన్నీ డిలీట్ చేసి, ఆకుపచ్చది కొనేశాను.

కానీ ఏడాదిన్నర పాటు పుట్టినవాళ్లందరికీ ఇదే రాశి. నా సంగతి తేలాలంటే అది జాతకంలో ఏ భావంలో, అంటే ఏ ఇంట్లో, ఉందో చూడాలి, దానికి పుట్టిన టైమ్ కచ్చితంగా కావాలి. అమ్మనడిగితే, "పాలవాడు వచ్చే వేళకే" అంటోంది.