పెదనాన్నగారి రాతలో తరచూ వచ్చే తప్పులకు చిన్న పట్టిక తయారు చేయడం ఎలా?

విసిగిన మేనల్లుడు కాదు, తమ్ముడి కొడుకు:
మా పెదనాన్నగారు తమ బాల్య జ్ఞాపకాలు రాస్తున్నారు. మొదటి అధ్యాయంలో, అంటే సుమారు 1600 మాటల్లో, నాకు 63 తప్పులు కనిపించాయి. నాలుగు గంటలు కూర్చుని వాటిని 22 అంశాలుగా రాసి పంపితే, ‘ఇన్ని నేను గుర్తుపెట్టుకోలేనురా’ అన్నారు. ఆయన రాసిన వెంటనే స్వయంగా చూసుకోగలిగినంత చిన్న పట్టిక కావాలి. మచ్చుకు: ఆర్ధిక, విద్యార్ధి, ‘పిలిచి నందుకు’, ‘వేసవి సెలవుల్లో చెరువు గట్టు మీద ఆడే ఆటలకు అలవాటుపడిన మా స్నేహితుల బృందం సాయంత్రమైతే ఇళ్ళు మరచిపోయేవారు.’

శుద్ధభాషాప్రియుడు:
ముందుగా ‘యొక్క’, ‘మరియు’, ‘చేయబడినది’ అనే మూడింటినీ ఏరివేయండి. తెలుగు వాక్యాన్ని పాడు చేస్తున్నవి అవే. అదీగాక తెలియక రాసినది దోషం, తెలిసీ చేయి జారినది పొరపాటు. మీరు రెంటినీ కలిపి తప్పులంటున్నారు.

రెండు ముక్కలు:
అక్షరదోషాలు చూపే సాధనం వాడండి.

తమ్ముడి కొడుకు:
వాడాను. అది మా ఊరివాళ్ళ ఇంటిపేర్ల కింద ఎర్రగీత గీసింది, బృందం వాక్యాన్ని వదిలేసింది. ‘యొక్క’ ఈ అధ్యాయంలో ఒక్కటీ లేదండీ.

పాత ప్రూఫ్‌రీడరు:
63 అన్న లెక్క మీకు ఉపయోగపడదు. ఒక్కొక్క తప్పు జరగడానికి ఎన్నిసార్లు అవకాశం వచ్చింది, అందులో ఎన్నిసార్లు జరిగింది అని చూడాలి. ర్థ రావలసిన మాటలు మొత్తం ఎన్ని, వాటిలో ర్ధ పడినవి ఎన్ని? అలాగే ర్ధ రావలసిన చోట ఎక్కడైనా ర్థ పడిందా? తప్పు ఒకే వైపు జరుగుతుంటే దాని వెనుక ఒకే కారణం ఉండే అవకాశం ఎక్కువ, ఒకే సూచనతో దాన్ని పట్టుకోవచ్చు. ఒక్కసారే కనిపించిన వాటిని మీరే దిద్దుకోండి, పట్టికలోకి ఎక్కించకండి.

పదో తరగతి పంతులమ్మ:
నాకు చిన్నప్పుడు ణ, న తేడా తెలిసేది కాదు. మా నాన్నగారు వందసార్లు రాయించాక వచ్చింది. మీరు కూడా కనిపించిన ర్ధలన్నిటినీ ర్థ చేయించండి, సరిపోతుంది.

పాత ప్రూఫ్‌రీడరు:
సగం వరకు సరిపోతుందమ్మా. అన్నిటినీ మారిస్తే వర్ధంతి, నిర్ధారణ, స్పర్ధ చెడిపోతాయి.

తమ్ముడి కొడుకు:
లెక్క చూశాను. ర్థ రావలసినవి 14, వాటిలో 11 చోట్ల ర్ధ ఉంది. ర్ధ రావలసినవి 3, మూడూ సరిగ్గానే ఉన్నాయి. ఆయన నోటుపుస్తకంలో రాస్తే మా అన్నయ్య టైపు చేశాడు కనుక, అసలు ప్రతి కూడా తెప్పించమంటారా?

పాత ప్రూఫ్‌రీడరు:
ఈ సంగతి మొదటే చెప్పవలసింది! థకూ ధకూ మధ్య ఉన్న తేడా నడుమనున్న చుక్క ఒక్కటే. ఒత్తుగా చిన్నదిగా రాసినప్పుడు ఆ చుక్క కలిసిపోతుంది. నోటుపుస్తకంలో చుక్క ఉంటే ఆ తప్పు టైపు చేసినవారిది. చుక్క లేకపోతే కథ, రథం వంటి మాటల్లో ఆయన థ ఎలా రాశారో చూడండి. అక్కడ చుక్క ఉంటే ఆయనకు అక్షరం తెలుసుగానీ ఒత్తులో మాత్రం జారుతోందని అనుకోవచ్చు. ‘పిలిచి నందుకు’ కూడా పుస్తకంలో పంక్తి చివర విరిగిందేమో చూడండి.

తమ్ముడి కొడుకు:
నోటుపుస్తకం ఫొటోలు తెప్పించాను. పదకొండింటిలో ఏడింటికి చుక్క స్పష్టంగా ఉంది, నాలుగింటికి లేదు. ‘కథ’ ప్రతిచోటా సరిగ్గానే ఉంది. విడిపోయిన మాటలు దాదాపు అన్నీ పంక్తి చివరివే. అన్నయ్యకు ఈ మాట ఎలా చెప్పాలో తెలియడం లేదు.

పాత ప్రూఫ్‌రీడరు:
అయితే పెదనాన్నగారి పట్టికలో రెండే అంశాలు ఉంచండి. ఒకటి, ర కింద థ ఒత్తో ధ ఒత్తో రాసిన ప్రతిచోటా ఆగి, ఆ మాట సగం, పెరుగుదల, పోటీ, వర్ధంతి, నిర్ధారణ అనే అర్థాల్లో దేనికీ చెందకపోతే చుక్క పెట్టారా అని చూసుకోవాలి. ఆయన రాతలో వచ్చే మాటలకు ఇది చాలు. కొత్త మాట వస్తే నిఘంటువు చూడక తప్పదు. రెండోది, రెండు పంక్తులు దాటిన వాక్యాన్ని కర్త, చివరి క్రియ మాత్రమే కలిపి చదువుకోవాలి. ‘బృందం మరచిపోయేవారు’ అని పైకి అంటే ఆయన చెవికే తగులుతుంది. చిన్న వాక్యాల్లో ఇలాంటి తప్పు లేకపోతేనే ఈ రెండోది పెట్టండి. మాటలు విడిపోవడం మీ అన్నయ్య చూసుకోవలసినది.

శుద్ధభాషాప్రియుడు:
బృందంలో ఉన్నది మనుషులే కాబట్టి ‘మరచిపోయేవారు’ అనడం వాడుకలో ఉన్నదే. దానిని దోషమనడం నాకు సమ్మతం కాదు.

పాత ప్రూఫ్‌రీడరు:
మాట్లాడేటప్పుడు ఉంది, అచ్చులో నేను ఒప్పుకోను.

పదో తరగతి పంతులమ్మ:
మా పిల్లలు ‘జట్టు గెలిచారు’ అనే రాస్తారు. మార్కులు తీసేయాలా మరి?

తమ్ముడి కొడుకు:
చిన్న వాక్యాల్లో అలాంటిది ఒక్కటీ లేదు. చీటీ రాసి నోటుపుస్తకం అట్టకు అంటించమన్నాను. థాంక్సండీ.