చెడ్డ ఏడాదిలోనూ అదే పన్ను రేటా?

శ్రీను_డౌట్లు: మంచి కాలమైనా చెడ్డ కాలమైనా పన్ను రేటు కదపకుండా ఉంచితేనే సమాజానికి నష్టం తక్కువని చదివాను. నాకు మింగుడు పడట్లేదు. జనం కష్టాల్లో ఉంటే రేటు తగ్గించాలి, లేదా ఖజానాకు డబ్బు చాలకపోతే పెంచాలి. రెండూ కాకుండా అలాగే కూర్చోవడం ఎలా తెలివైన పని అవుతుంది?

నిలకడరావు: చాలా సింపుల్ అండి. రేటు మారకపోతే ప్రభుత్వ రాబడి మారదు. రాబడి మారకపోతే బడ్జెట్ నిలకడగా ఉంటుంది, అప్పు చేయాల్సిన పని ఉండదు. పైగా వ్యాపారం చేసేవాళ్లకు రేపు రేటు ఎంతో ముందే తెలుస్తుంది కాబట్టి పెట్టుబడి పెట్టడానికి టెన్షన్ ఉండదు. అంతకు మించి ఇందులో ఏమీ లేదు.

వర్గమూలం: నిలకడరావు గారూ, చివర చెప్పింది సరే. మొదటిది మాత్రం తలకిందులైంది. చెడ్డ ఏడాదిలో జనం ఆదాయం పడిపోతుంది కదా, రేటు అదే ఉంటే రాబడి కూడా పడిపోతుంది. ఖర్చు ఆగదు కాబట్టి లోటు వస్తుంది, అప్పు చేయాలి. మంచి ఏడాదిలో మిగులు వస్తే ఆ అప్పు తీరుతుంది. అంటే రేటును కదపకుండా ఉంచడానికి అప్పును కదలనిస్తున్నాం. 1979లో ఆర్థికవేత్త రాబర్ట్ బారో ఈ వాదన పెట్టినప్పుడు ఆయన వివరించాలనుకున్నదే ప్రభుత్వ అప్పు ఎందుకు పెరుగుతూ తగ్గుతూ ఉంటుందన్నది.

శ్రీను గారి ప్రశ్నకు అసలు జవాబు పన్ను వల్ల జరిగే నష్టం ఎలా పెరుగుతుందో చూస్తే దొరుకుతుంది. ఖజానాకు వెళ్లిన డబ్బు నష్టం కాదు, అది ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది అంతే. పన్ను వల్ల అసలు జరగకుండా పోయిన పనులే నష్టం. ఇద్దరి మధ్య ఒక పని కుదిరితే 100కి 8 లాభం మిగులుతుంది అనుకోండి. 10 శాతం పన్ను పడితే ఆ బేరం తెగిపోతుంది. పోయింది 8 మాత్రమే, చిన్నదే. రేటు 20 చేస్తే 18 మిగిలే బేరం కూడా తెగిపోతుంది. అంటే ఎక్కువ బేరాలు పోతాయి, ఆ పోయేవాటిలో ఒక్కొక్కటి విలువైనది కూడా. రేటు రెట్టింపైతే నష్టం సుమారు నాలుగింతలవుతుంది. అందుకే ఒక ఏడాది 10, ఇంకో ఏడాది 30 వేయడం కన్నా రెండేళ్లూ 20 వేయడం చవక. 10 దగ్గర మిగిలేది కొంచెం, 30 దగ్గర పోయేది చాలా.

ఖాతాపుస్తకం: నేను అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాను. మీరు చెప్పే లెక్కలు నాకు తెలియవు కానీ రేటు మారే నెల ఎలా ఉంటుందో బాగా తెలుసు. పెరుగుతుందని ప్రకటన వస్తే చాలు, వచ్చే నెల బిల్లు కూడా ఈ నెల తేదీతోనే ఇమ్మని కస్టమర్లు ఫోన్ల మీద ఫోన్లు. తగ్గుతుందంటే ఉల్టా, సరుకు సిద్ధంగా ఉన్నా వద్దంటారు. పాత రేటుకు కొట్టిన బిల్లు మీద సరుకు వాపసు వస్తే క్రెడిట్ నోట్ ఏ రేటుకు ఇవ్వాలో మా ఆఫీసులో పూట పూటంతా వాదన. నా ఉద్దేశంలో అసలు ఖర్చు ఇదే, కాబట్టి రేటు ముట్టుకోకండి బాబూ!

వర్గమూలం: ఇది చిల్లర విషయమేమీ కాదండి. జపాన్ 2014 ఏప్రిల్ 1న వినియోగ పన్నును 5 నుంచి 8 శాతం చేసింది. మార్చిలోపే జనం ఎగబడి కొన్నారు. ఆ తర్వాతి మూడు నెలల్లో ఆర్థిక వ్యవస్థ వార్షిక లెక్కన సుమారు 7 శాతం కుంగింది. 2015 అక్టోబరులో 10 శాతం చేయాలనుకున్నది రెండుసార్లు వాయిదా పడి 2019 అక్టోబరుకు వెళ్లింది. జనం తేదీలు మార్చుకుంటారన్నది నిజమే. అయితే బారో వాదనకు ఇది అవసరం లేదు. ఎవరూ ఏదీ ముందుకు వెనక్కి జరపకపోయినా పైన చెప్పిన నాలుగింతల లెక్క ఒక్కటే చాలు.

పదునైన_పెన్సిల్: వర్గమూలం గారూ, ‘చవక’ అన్నారు. ఎంత చవక? రెండేళ్లు అటూ ఇటూ 10, 30 అని ఉదాహరణ ఇస్తే ఏ వాదనైనా గెలుస్తుంది. నిజంగా ఒక కష్టం వచ్చినప్పటి లెక్క వేయండి, చూద్దాం.

వర్గమూలం: న్యాయమైన సవాలు. దేశం ఆదాయం ఏటా 1000, ప్రభుత్వ ఖర్చు 200, కాబట్టి రేటు 20 శాతం. ఆ రేటు దగ్గర ఏటా నష్టం 10 అనుకుందాం. ఒక ఏడాది విపత్తు వచ్చి అదనంగా 100 కావాలి. వడ్డీ 3 శాతం.

మొదటి దారి: ఆ ఏడాదే రేటు 30 చేయడం. నష్టం 10 నుంచి 22.5 అవుతుంది, అదనం 12.5. మరుసటి ఏడాది నుంచి మళ్లీ 20. రెండో దారి: 100 అప్పు చేసి వడ్డీ మాత్రం కడుతూ పోవడం. ఏటా 3 కావాలి, రేటు ఎప్పటికీ 20.3. ఏటా అదనపు నష్టం 0.30. ఏటేటా పడే ఆ నష్టాలన్నిటినీ కలిపి అదే 3 శాతం లెక్కన నేటి విలువకు తెస్తే సుమారు 10.1.

అంటే 12.5 బదులు 10.1. ఆదా 2.4, విపత్తు ఖర్చులో రెండున్నర శాతం కూడా కాదు. ఈ వాదనను నెత్తిన పెట్టుకునేవాళ్లు ఈ లెక్క చూపించరు. చిన్న కుదుపుకు సాఫీ రేటు వల్ల వచ్చే లాభం చిన్నదే.

ఇప్పుడు యుద్ధం వచ్చి 100 బదులు 300 కావాలనుకోండి. రేటు 50కి ఎక్కాలి, అదనపు నష్టం 52.5. అప్పు దారిలో రేటు 20.9, అదనపు నష్టం నేటి విలువలో 30.7. ఆదా దాదాపు 22. కుదుపు మూడింతలైతే లాభం తొమ్మిదింతలైంది. నిజానికి 50 శాతం వేస్తే పన్ను పడే ఆదాయమే తగ్గి రేటు ఇంకా పైకి పోవాలి, దాన్ని నేను వదిలేశాను. అందుకే ఈ సిద్ధాంతం యుద్ధాల దగ్గర బాగా అతుకుతుంది. నెపోలియన్‌తో పోరులో బ్రిటన్ 1799లో ఆదాయపు పన్ను తెచ్చింది, 1816లో ఎత్తేసింది. అయినా అప్పు జాతీయాదాయానికి దాదాపు రెట్టింపై కూర్చుంది, దాన్ని కరిగించడానికి తరాలు పట్టాయి.

పదునైన_పెన్సిల్: మరి కొరియా యుద్ధం? అమెరికా దాన్ని ఎక్కువ భాగం పన్నులతోనే నడిపిందిగా. రెండో ప్రపంచ యుద్ధానికి అప్పు, దానికి పన్ను. రెండూ ఒకే సిద్ధాంతంలో ఎలా ఇముడుతాయి?

వర్గమూలం: కొంతవరకు ఇముడుతాయి. కొరియా సమయంలో పెరిగిన సైనిక ఖర్చు యుద్ధంతో పోయేది కాదని, ప్రచ్ఛన్న యుద్ధం పొడుగునా ఉంటుందని అనుకునే కారణం ఉంది. శాశ్వతమైన ఖర్చుకు ఈ సిద్ధాంతమే ‘ఇవాళే రేటు పెంచు’ అంటుంది. జనం మరిచిపోయే సగం ఇదే. పై దేశంలోనే అదనపు 100 ఒక్క ఏడాదికి కాక ప్రతి ఏడాదీ కావాలనుకోండి. ఈరోజే పెంచితే రేటు 30, కథ అయిపోయింది. పదేళ్లు వాయిదా వేసి అప్పుతో నెట్టుకొస్తే అప్పు 1146 అవుతుంది. పదకొండో ఏడాది నుంచి వడ్డీతో కలిపి రేటు 33.4, అది ఎప్పటికీ. వాయిదా వేయడానికి ఈ సిద్ధాంతాన్ని అడ్డం పెట్టుకునేవాళ్లు దాని సగమే చదివారన్నమాట.

అయితే కొరియా విషయంలో ప్రెసిడెంట్ ట్రూమన్ అప్పు వద్దని పట్టుబట్టడం, ద్రవ్యోల్బణం భయం కూడా ఉన్నాయి. అంతా లెక్క ప్రకారమే జరిగిందని నేను అనను.

శ్రీను_డౌట్లు: ఇదంతా ఖర్చు పెరిగిన సంగతి. నేను అడిగింది మాంద్యం గురించి. ఉద్యోగాలు పోతుంటే రేటు తగ్గిస్తే కొనుగోళ్లు పెరుగుతాయి కదా? జర్మనీ 2020 జూలై నుంచి డిసెంబరు దాకా వ్యాట్‌ను 19 నుంచి 16 చేసింది. ఖాతాపుస్తకం గారు తిట్టుకున్న ఆ తేదీల హడావిడే అక్కడ కావాలని చేశారు!

ఖాతాపుస్తకం: ఆరు నెలల తేడాలో రెండుసార్లు సిస్టమ్‌లో రేట్లు మార్చిన వాళ్లను తలుచుకుంటేనే భయమేస్తోంది.

వర్గమూలం: శ్రీను గారూ, గట్టి చోటే పట్టుకున్నారు. బారో లెక్కలో నిరుద్యోగం అనేదే లేదు. అందరికీ పని ఉంది, పన్ను వల్ల కొంత తక్కువ పని చేస్తారు, అంతే. పని కావాలన్నా దొరకని ఏడాదిలో వచ్చే ఏడాది కొనుగోలును ఈ ఏడాదికి లాక్కురావడం లాభమే కావచ్చు. అప్పుడు రేటు కదలడం నష్టం కాదు, మందు. నా మటుకు నేను మాంద్యంలో రేటు పెంచడాన్ని ఈ సిద్ధాంతంతో గట్టిగా వ్యతిరేకిస్తాను. తగ్గించడాన్ని మాత్రం ఈ సిద్ధాంతంతో వ్యతిరేకించలేను. ఒక్క మాట గమనించండి. రేటు కదపకపోయినా రాబడి దానంతటదే పడిపోతుందని మొదట అన్నాను కదా. అంటే ప్రభుత్వం జనం దగ్గర తక్కువ తీసుకుంటూనే ఉంది. మీరు అడుగుతున్నది దాని పైన ఇంకొంచెం.

నిలకడరావు: సరే, అప్పు తీరేది మంచి ఏడాదిలో అన్నారు. మంచి ఏడాదిలో మిగులు కనబడితే ఎవరైనా అప్పు తీరుస్తారా? కొత్త పథకమో రేటు కోతో ప్రకటిస్తారు. కాగితం మీద రెండు వైపులా సాఫీ, బయట ఒక వైపే.

పదునైన_పెన్సిల్: ఈసారి నిలకడరావు గారి పక్షం నాది. అయితే రాగి రాబడి మీద బాగా ఆధారపడే చిలీ 2001 నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. రాగి ధర ఎంత ఎక్కినా ఆ ఏడాది ధరతో కాక, దీర్ఘకాల ధర ఇంత అని నిపుణులు ఇచ్చే అంచనాతో బడ్జెట్ వేసుకోవాలి. రాగి ధర ఎగిరినప్పుడు దాచారు, 2009లో ఖర్చు పెట్టారు. నియమం ఉంటే సాధ్యమే. కానీ ఆ దీర్ఘకాల అంచనా తప్పితే? ధర దిగడం తాత్కాలికం అనుకుని అప్పు చేస్తూ పోయి, పదేళ్లకు అది శాశ్వతమని తేలితే వర్గమూలం గారి 33.4 మన నెత్తిన పడుతుంది.

వర్గమూలం: పూర్తిగా తప్పినప్పుడు అంతే. ఏటా కొత్త సమాచారం వచ్చినకొద్దీ రేటును కొంచెం సవరిస్తూ పోవాలి, సాఫీ అంటే రాతిలో చెక్కడం కాదు. రేటు మారాలి, అయితే ఊహించని వార్త వచ్చినప్పుడే మారాలి. 5 శాతం పెరుగుతుందని మూడేళ్ల ముందే తెలిసిందంటే ఆ మూడేళ్లూ సాఫీ చేయడం మానేసినట్టే.

శ్రీను_డౌట్లు: అయితే ఇంకో డౌట్. పదేళ్లకు తాత్కాలికమో శాశ్వతమో తేలేది ఎవరికి? అంచనా వేసేది కూడా ఖర్చు పెట్టే ప్రభుత్వమే కదా?

పదునైన_పెన్సిల్: చిలీలో ఆ ధర చెప్పేది ప్రభుత్వం కాదు, బయటి నిపుణుల కమిటీ. అయితే రాగికి ధర ఉంది కాబట్టి కమిటీ కూర్చుంది. మాంద్యం తర్వాత పడిపోయిన ఆదాయం తిరిగి లేస్తుందా లేదా అని చెప్పడానికి ఏ ధర చూడాలి? నాకు తెలిసి అలాంటి ధర లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి, వర్గమూలం గారూ.