అప్‌డేట్: నేను కొన్నది కుంకుమపువ్వు కాదు

నా పాత ప్రశ్న: "వదినకు ఏడో నెల, కర్నూలులో గ్రాము డబ్బా కొన్నాను. ఫోటోలు పెట్టాను, అసలుదేనా?"

కాదు, కుసుమ పూల రేకలు. ఫ్లాష్ లేకుండా పగటి వెలుతురులో మళ్లీ ఫోటో తీయమన్నవారికి థ్యాంక్స్, అదే పనిచేసింది. నాలుగు పోగులు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, తెల్ల కాగితం మీద విడదీసి దగ్గరగా తీశాను. అసలు పోగు ఒక కొన సన్నగా, పసుపుగా ఉండి, పైకి పోయేకొద్దీ ఎర్రబడి, చివర చిన్న బూరలా విచ్చుకుంటుంది, అంచు రంపంలా ఉంటుంది. నావి సన్నని గొట్టాలు, పైన ఐదు చీలికలు. ఆదోని దగ్గర కుసుమ పండించే మామకు పంపితే "ఇది మా చేలోదే కదరా" అని నవ్వాడు!

డబ్బా ఫోటోను అప్పుడే సరిగ్గా చూసి ఉంటే సరిపోయేది. మీద కశ్మీర్ పేరు, మెరిసే హోలోగ్రాం ఉన్నాయి గానీ FSSAI పద్నాలుగు అంకెల నంబరూ లేదు, ప్యాక్ చేసినవారి చిరునామా కూడా లేదు. హోలోగ్రాం గురించి మనం చేసిన చర్చంతా దండగ. పాలలో రంగు దిగిందా అన్నదీ అంతే, కుసుమ కూడా పసుపు దించుతుంది.

ఒకటి మాత్రం ఫోటోలో తేలదు: అసలు పోగులకే రంగు పట్టించి అమ్మితే ఆకారం సరిగ్గానే కనిపిస్తుంది, దానికి ల్యాబే దిక్కు. షాపతను గొణుగుతూనే డబ్బులు వెనక్కిచ్చాడు.