అప్‌డేట్: 400 మీటర్ల పరుగుకు స్టార్టింగ్ లైన్లు గీశాం

నా ప్రశ్న: సున్నంతో వేసిన స్కూల్ ట్రాక్‌లో ఒక్కో లేన్ వాళ్లను ఎంత ముందు నిలబెట్టాలి?

మా లేన్ వెడల్పు 1.22 మీటర్లు. పొడవు వంపుల్లోనే పెరుగుతుంది. రెండు వంపులూ కలిస్తే ఒక వృత్తం కాబట్టి, లేన్‌కు 2 × 3.1416 × 1.22, అంటే 7.67 మీటర్లు తేడా. మొదటి లేన్ గీత ఫినిష్ లైను మీదే. రెండో లేన్‌కు 7.67, మూడో లేన్‌కు 15.33, నాలుగో లేన్‌కు 23 మీటర్లు ముందుకు. లోపలి అంచున ఎత్తుగా కర్బ్ ఉండే ట్రాక్‌లో మాత్రం రెండో లేన్ తేడా 7.04.

అసలు చిక్కు కొలతలో. టేపు తిన్నగా లాగకూడదు. లేన్ లోపలి గీతకు 20 సెంటీమీటర్ల బయట, వంపు వెంబడి మేకులు దిగ్గొట్టి, వాటిని ఆనుకుని కొలిచాం. తిన్నగా లాగితే నాలుగో లేన్ వాడికి దాదాపు 30 సెంటీమీటర్లు కలిసొస్తాయి! తర్వాత వంపు కేంద్రంలోని మేకు నుంచి తాడు లాగి, దాని వెంబడే గీత వేశాం.